ఇన్సులిన్‌కి పది నిమిషాలు కావాలని మేనేజర్‌కి ఎలా రాయాలి?

ప్రశ్న: నాకు టైప్ 1 డయాబెటిస్. రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్ వేసుకుంటాను, అందులో మధ్యాహ్నం డోసు ఆఫీసులోనే. కస్టమర్ సపోర్ట్‌లో పని, లేచిన ప్రతి నిమిషమూ సిస్టమ్‌లో బ్రేక్ కింద పడుతుంది. ఇన్నాళ్లూ బాత్రూమ్‌లో గబగబా వేసుకుని వచ్చేస్తున్నాను. పోయిన నెల అలా వేసుకుని బయటికి రాగానే టీమ్ లీడ్ ఒక అర్జెంట్ కాల్ చూడమన్నారు. అది 40 నిమిషాలు సాగింది. చేతులు వణికి, చెమటలు పట్టి, కస్టమర్ ఏం చెబుతున్నాడో కూడా అర్థం కాలేదు. మేనేజర్‌కి ఉత్తరం రాద్దామని కూర్చుంటే రెండు పేజీలైంది. చదువుకుంటే జాలి కోసం రాసినట్టు అనిపించి చించేశాను. ఏం రాయాలి? ఎంతవరకు చెప్పాలి?

సమాధానం: మీరు చించేసిన ఉత్తరం నేను చూడలేదు గానీ, అందులో బాత్రూమ్ గురించి ఒకటిన్నర పేజీ, ఆ కాల్ గురించి నాలుగు లైన్లు ఉండుంటాయని నా అనుమానం. పందొమ్మిదేళ్ల కింద నేను రాసిన మొదటి ఉత్తరం సరిగ్గా అలాగే ఉండేది. నాకు ఒక గది ఇచ్చారు. చాలా సంతోషించాను. వారం తిరక్కుండానే ఆ గదిలోంచి బయటికి రాగానే ఒకాయన ఎదురొచ్చి, "రెండు నిమిషాలు మీటింగ్‌కి రండి" అన్నారు. ఆ రెండు నిమిషాలు ఎంతసేపు సాగాయో మీకు చెప్పక్కర్లేదు. గది అడిగాను, దొరికింది. నాకు అసలు కావాల్సింది మాత్రం నేను అడగనే లేదు.

అందుకే ముందు ఈ రెండింటినీ విడదీసి చూడండి. చాటైన చోటు మీ మర్యాదకీ శుభ్రతకీ సంబంధించింది. టైమ్ మీ ప్రాణానికి సంబంధించింది. ఉత్తరంలో టైమ్ ముందుండాలి, చోటు తర్వాత రావాలి. చాలామంది తిరగేసి రాస్తారు, ఎందుకంటే రోజూ బాధపెట్టేది బాత్రూమే కదా. మేనేజర్ అది చదివి, గది తాళం ఇచ్చేసి, పని అయిపోయిందనుకుంటారు.

టైమ్ ఎందుకంత ముఖ్యమో మేనేజర్‌కి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు మనకి లెక్క స్పష్టంగా ఉండాలి. మీరు భోజనానికి వేసుకునేది బహుశా త్వరగా పనిచేసే రకం, అంటే లిస్‌ప్రో, అస్పార్ట్ లాంటిది. అది వేసుకున్న పావుగంటకల్లా పని మొదలుపెడుతుంది, ఒకటి రెండు గంటల మధ్య జోరుమీద ఉంటుంది, మూడు నుంచి ఐదు గంటల దాకా ఒంట్లో ఉంటుంది. ఒకసారి వేసుకున్నాక దాన్ని వెనక్కి తీయలేం, ఆపలేం. రాబోయే భోజనాన్ని నమ్ముకుని వేసుకున్న మందు అది. ఆ భోజనం రాకపోతే, రక్తంలో ఉన్న చక్కెరనే లాగేస్తుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు నేను ఊహించినవి, మీవి వేరుగా ఉంటాయి. 12:50కి షుగర్ 105 ఉంది. భోజనంలో 80 గ్రాముల పిండిపదార్థం ఉంటుందని, పది గ్రాములకి ఒక యూనిట్ చొప్పున 8 యూనిట్లు వేసుకున్నారు. ఒంటిగంటకి తినడం మొదలుపెడితే ఏ గొడవా లేదు. కానీ ఒంటిగంటకి ఫోన్ ఎత్తారు. 1:05కి మందు పని మొదలైంది, లోపలికి ఏమీ రాలేదు. 1:30కి షుగర్ 60ల్లోకి దిగింది. 70 కిందికి వస్తే తక్కువ అనే లెక్క, 54 కిందికి పోతే ప్రమాదమే. ఇప్పుడు 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలు ఆగి, మళ్లీ పరీక్ష చేయాలి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ 15 గ్రాములు, మళ్లీ 15 నిమిషాలు. ఆ తర్వాత భోజనం. అంకె బాగుపడ్డాక కూడా బుర్ర వెంటనే తేరుకోదు. మాట తడబడుతుంది, చదివింది ఎక్కదు. మొత్తంమీద మీరు మళ్లీ సరిగ్గా కాల్ తీసుకునేసరికి రెండున్నర అవుతుంది.

మేనేజర్ ముందు పెట్టాల్సిన లెక్క ఇదే. పది నిమిషాలు ఇవ్వకపోతే గంటన్నర పోతుంది. మధ్యలో ఒక కస్టమర్‌కి తప్పు సమాధానం వెళ్తుంది. ఇందులో జాలి పడమని ఎక్కడా అడగలేదు చూడండి. మీరు రెండు పేజీల్లో చెప్పాలనుకున్నది ఈ ఒక్క సంఘటనలోనే ఉంది.

అయితే పది నిమిషాలు అని ఎలా తేల్చాలి? మూడు రోజులు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూసుకోండి. సీటు నుంచి లేచి వెళ్లడం, సబ్బుతో చేతులు కడిగి బాగా తుడుచుకోవడం, వేలు గుచ్చి స్ట్రిప్ మీద చుక్క పెట్టడం, అంకె చూసి డోసు లెక్కేసుకోవడం, పెన్నుకి కొత్త సూది బిగించడం, రెండు యూనిట్లు గాల్లోకి వదిలి సూది కొసన చుక్క వస్తోందో లేదో చూడటం, డోసు తిప్పడం, గుచ్చి బటన్ నొక్కి పది లెక్కపెట్టడం, సూది తీసి డబ్బాలో వేయడం, సంచి సర్దుకోవడం. కంగారు పడకుండా చేస్తే ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. దానికి కాస్త కలిపి పది అడగండి.

మొహమాటపడి ఐదు అడగకండి. నేను అడిగాను, అందుకే చెబుతున్నాను. ఐదు నిమిషాలే ఉంటే మొదట ఎగిరిపోయేవి చేతులు కడుక్కోవడం, చుక్క చూసుకోవడం, పది లెక్కపెట్టడం. వేలికి తీపి ఏదైనా అంటుకుని ఉంటే మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి మీరు ఎక్కువ డోసు వేసుకుంటారు. చుక్క చూడకుండా గుచ్చితే సూదిలో గాలి ఉండి తక్కువ డోసు వెళ్లొచ్చు. పది లెక్కపెట్టకుండా లాగేస్తే మందు చర్మం మీదే కారిపోతుంది. సాయంత్రం షుగర్ 280 చూపిస్తే తిన్నదాన్ని తిట్టుకుంటాం గానీ, మధ్యాహ్నం మిగిల్చిన ఆ పది సెకన్లు గుర్తుకు రావు.

ఇంకో చిన్న మాట. మీది పాత రకం రెగ్యులర్ ఇన్సులిన్ అయితే పై లెక్క మారుతుంది. దాన్ని భోజనానికి అరగంట ముందే వేసుకోవాలి. అప్పుడు వేసుకున్న దగ్గర్నుంచి తినేదాకా మధ్యలో అరగంట ఉంటుంది, ఆ అరగంటలోనే ఎవరో ఒకరు పట్టుకుంటారు. అలాంటప్పుడు ఉత్తరంలో "భోజనం వేళ మారకూడదు" అన్న మాట ఇంకా గట్టిగా ఉండాలి. మీరు ఏ రకం వాడుతున్నారో, ఎంత ముందు వేసుకోవాలో డాక్టర్ నోట్‌లోనే రాయించుకోండి.

ఇక చోటు సంగతి. బాత్రూమ్ బాగోదు అని రాస్తే చదివేవాళ్లకి అది ఇష్టాయిష్టాల మాటలా అనిపిస్తుంది. ఎందుకు కుదరదో చెప్పండి. పెన్ను, సూది, మీటర్, స్ట్రిప్పుల డబ్బా, సూదులు వేసే డబ్బా, ఈ ఐదూ పెట్టుకోవడానికి శుభ్రమైన, పొడిగా ఉండే బల్లలాంటిది అక్కడ లేదు. నేను ఫ్లష్ ట్యాంక్ మూత మీద పెట్టుకునేవాడిని. ఒకరోజు సూది బిగించిన పెన్ను జారి, తడి నేల మీద దొర్లుకుంటూ తలుపు కిందనుంచి పక్కకి పోయింది. అవతలి వైపు ఎవరో బూటుతో ఆపి, కాసేపు ఏమీ మాట్లాడకుండా, మెల్లగా మళ్లీ ఇటు తోశారు. అది ఎవరో ఈరోజుకీ తెలీదు. ఆ సూది పారేశాను, పెన్ను కూడా వాడబుద్ధి కాలేదు.

మీ డెస్క్ దగ్గరే వేసుకుంటే ఏం అని కొందరు అడుగుతారు. వేసుకునేవాళ్లు ఉన్నారు, తప్పేం లేదు. వేలు గుచ్చి చూసుకోవడం నేనూ డెస్క్ దగ్గరే చేస్తాను. కానీ పొట్ట మీదో తొడ మీదో వేసుకోవాలంటే బట్ట తొలగించాలి. బట్టమీంచి గుచ్చితే సరిపోదా అనేవాళ్లకి చెప్పండి: అలా చేస్తే చర్మం కనపడదు, ఎక్కడ గడ్డకట్టి ఉందో తెలీదు. వేసినచోటే మళ్లీ మళ్లీ వేస్తే చర్మం కింద కొవ్వు గట్టిపడుతుంది, అక్కడ వేసిన మందు సరిగ్గా పట్టదు. అందుకే రోజూ చోటు మార్చాలి, మార్చాలంటే కనపడాలి, కనపడాలంటే తలుపు వేసుకునే వీలుండాలి. ఈ మూడు ముక్కలు చాలు.

గదిలో ఏం ఉండాలి? లోపలినుంచి గడియ, ఒక కుర్చీ, చిన్న బల్ల, సరిపడా వెలుతురు. చేతులు కడుక్కునే చోటు దగ్గర్లో ఉంటే చాలు, లోపలే ఉండక్కర్లేదు. అడిగే ముందు మీరే ఆఫీసంతా ఓ చుట్టు తిరిగి రెండు చోట్లు చూసి పెట్టుకోండి. చిన్న మీటింగ్ రూమ్, ఫస్ట్ ఎయిడ్ గది, ఎవరూ కూర్చోని క్యాబిన్, ఏదైనా సరే. "ఎక్కడైనా ఒక చోటు చూపించండి" అంటే ఆ పని మేనేజర్ నెత్తిన పడుతుంది, వాయిదా పడుతుంది. "రెండో అంతస్తు చిన్న మీటింగ్ రూమ్ రోజూ 12:50 నుంచి 1:00 వరకు" అంటే ఒక్క మాటతో అయిపోతుంది.

గది ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూడండి. తల పైకెత్తి కెమెరా ఉందేమో చూడండి. సామాన్ల గదుల్లో, సర్వర్ గదుల పక్కన చాలాచోట్ల ఉంటుంది, అడిగేవాళ్లకి గానీ ఇచ్చేవాళ్లకి గానీ అది గుర్తురాదు. రెండోది గాజు గోడలు. ఫిల్మ్ అంటించిన గాజు కూడా బయట వెలుతురు తగ్గితే లోపలిది చూపించవచ్చు. పసిపిల్లల తల్లుల కోసం కేటాయించిన గది ఉంటే, మీ మధ్యాహ్నం పది నిమిషాలు వాళ్లకి అడ్డు రాకపోతేనే అడగండి.

ఫ్రిజ్ అడగకండి. దాదాపు అందరూ అడుగుతారు, దాదాపు ఎవరికీ అక్కర్లేదు. తెరవని పెన్నులే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అవి ఇంట్లో ఉంటాయి. వాడకంలో ఉన్న పెన్ను మామూలు గది వేడిలో, 30 డిగ్రీలు దాటకుండా ఉంటే చాలా రకాలకి 28 రోజుల దాకా ఢోకా లేదు. మీ పెన్ను పెట్టెలోని కాగితంలో ఖచ్చితమైన అంకె ఉంటుంది. ఆఫీసు ఫ్రిజ్‌లో పెడితే ఎవరో టిఫిన్ బాక్సు ఇరికించడానికి దాన్ని వెనక్కి తోస్తారు, అది గడ్డకడుతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. అక్కర్లేనిది అడక్కపోతే, అక్కరున్నది అడిగినప్పుడు మాటకి బలం ఉంటుంది.

ఎంత చెప్పాలి అన్నారు. జబ్బు పేరు, దానికి పని వేళల్లో ఏం చేయాలి, చేయకపోతే ఏం అవుతుంది. అంతే. హెచ్‌బీఏ1సీ ఎంత, ఎన్నేళ్లుగా ఉంది, ఏ కంపెనీ మందు, కిడ్నీలు కళ్లు ఎలా ఉన్నాయి, ఇవేవీ మేనేజర్‌కి అక్కర్లేదు. ఒకసారి ఫైల్లోకి వెళ్లిన అంకె మళ్లీ బయటికి రాదు. డాక్టర్ దగ్గర కూడా రిపోర్టులు జిరాక్స్ తీసి ఇవ్వకుండా, ఒక చిన్న నోట్ అడగండి. అందులో మూడు మాటలుండాలి: పని వేళల్లో భోజనానికి ముందు ఇన్సులిన్ అవసరం, ఇంజెక్షన్ తర్వాత ఇన్ని నిమిషాల్లో తినాలి, ఈ ఏర్పాటు ఉంటే ఇప్పుడు చేస్తున్న పని చేయడానికి అభ్యంతరం లేదు. మూడో మాట మర్చిపోకండి. అది లేకపోతే కొందరు మేనేజర్లు మీ మేలు కోరి మిమ్మల్ని తేలికైన పనికి మార్చేస్తారు, దాంతోపాటు ప్రమోషన్ కూడా చేజారిపోతుంది.

ఇంకొకటి, క్షమాపణలు తీసేయండి. "మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు" అని మొదలుపెడితే ఆ మాటే చదివేవాళ్లకి ఇబ్బందిని గుర్తుచేస్తుంది. ఇప్పుడు మీ సంగతిలో పెట్టి నేను రాస్తే ఇలా రాస్తాను. వేళలు, గది మీకు తగ్గట్టు మార్చుకోండి.

విషయం: భోజనానికి ముందు ఇన్సులిన్ కోసం 10 నిమిషాల విరామం, చాటైన గది

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

నాకు టైప్ 1 డయాబెటిస్ ఉంది. పని వేళల్లో ఒకసారి, భోజనానికి ముందు ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకోవాలి. డాక్టర్ గారి నోట్ జత చేస్తున్నాను.

ఈ ఇన్సులిన్ పావుగంటలో పనిచేయడం మొదలుపెడుతుంది. తీసుకున్నాక భోజనం ఆలస్యమైతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. పోయిన నెల ఇంజెక్షన్ తీసుకున్న వెంటనే 40 నిమిషాల కాల్ చూడాల్సి వచ్చింది. ఆ కాల్ చివర్లో కస్టమర్ మాటలు నాకు అర్థం కాలేదు. ఇది మళ్లీ జరగకుండా ఈ కింది ఏర్పాట్లు కోరుతున్నాను.

భోజన విరామానికి ముందు 10 నిమిషాలు, అంటే ఇప్పటి షిఫ్ట్‌లో 12:50 నుంచి 1:00 వరకు, నన్ను కాల్ క్యూ నుంచి తప్పించాలి. షిఫ్ట్ మారినప్పుడు ఈ 10 నిమిషాలు కూడా భోజనం వేళతో పాటు మారాలి. ఇంజెక్షన్ తీసుకున్న క్షణం నుంచి భోజనం పూర్తయ్యేదాకా నాకు కాల్ గానీ మీటింగ్ గానీ ఇవ్వకూడదు. ఈ సంగతి టీమ్ లీడ్ గారికి తెలియజేయగలరు.

ఈ 10 నిమిషాలకి సిస్టమ్‌లో విడిగా ఒక బ్రేక్ కోడ్ ఇప్పించగలరు. నా వ్యక్తిగత బ్రేక్‌ల లెక్కలో ఇది కలవకుండా ఉంటుంది.

ఇంజెక్షన్ కోసం రెండో అంతస్తులోని చిన్న మీటింగ్ రూమ్ ఆ 10 నిమిషాలకి బుక్ చేయించగలరు. అది కుదరని రోజు ఫస్ట్ ఎయిడ్ గది సరిపోతుంది. లోపలి గడియ, కుర్చీ, బల్ల తప్ప వేరే ఏదీ అక్కర్లేదు. వాడిన సూదులు మూత ఉన్న గట్టి డబ్బాలో వేసుకుని నేనే తీసుకెళ్తాను, ఆఫీసు చెత్తబుట్టలో వేయను.

షుగర్ తగ్గిన సూచనలు కనిపిస్తే నేను వెంటనే కాల్ ఆపి పరీక్ష చేసుకుని గ్లూకోజ్ తీసుకోవాలి. ఇది అరుదు. జరిగినప్పుడు 15 నుంచి 30 నిమిషాలు పట్టవచ్చు.

నా ఆరోగ్య వివరాలు ఈ ఏర్పాటుకి అవసరమైనవారికి మాత్రమే తెలియాలని కోరుతున్నాను. ఒక నెల ఇలా చేసి చూసి, ఏమైనా మార్చాలంటే కూర్చుని మాట్లాడదాం. వచ్చే శుక్రవారంలోగా మీ జవాబు తెలియజేయగలరు.

ఇట్లు, మీ పేరు.

దీన్ని చేతికి ఇచ్చి వచ్చేయకండి. ముందు పది నిమిషాలు కూర్చుని నోటితో చెప్పండి, అదే రోజు ఈమెయిల్ పంపండి. నోటి మాటకి మేనేజర్ మారితే విలువ పోతుంది, ఈమెయిల్ ఉంటే కొత్తాయన వచ్చినా మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. కాపీ హెచ్ఆర్‌కి పెట్టాలా అంటే, మేనేజర్‌తో మాట్లాడేటప్పుడే "రికార్డు కోసం హెచ్ఆర్‌కి కూడా పెడుతున్నానండీ" అని చెప్పి పెట్టండి. చెప్పకుండా పెడితే ఫిర్యాదులా కనిపిస్తుంది.

ఎదురుప్రశ్నలు ఒకటి రెండు వస్తాయి. "ఇంటి దగ్గరే వేసుకుని రావచ్చు కదా" అనేది అందరూ అడిగేదే. రోజంతా పనిచేసే రకం మీరు ఇంట్లోనే వేసుకుంటున్నారు, ఇది భోజనంతో కలిసి పనిచేసే రకం, పొద్దున్నే వేసుకుంటే భోజనానికి ముందే షుగర్ పడిపోతుంది అని చెప్పండి. "భోజనం బ్రేక్‌లోనే వేసుకోవచ్చు కదా" అనేది దీనికన్నా గట్టి ప్రశ్న. బ్రేక్ గంటసేపు ఉంటే నిజంగానే అందులోనే సరిపోతుంది, అప్పుడు ఆ పది నిమిషాల కోసం పట్టుపట్టకండి, గది, కాల్స్ రాకపోవడం, ఈ రెండే అడగండి. బ్రేక్ అరగంటే అయితే మాత్రం అందులో పది పోతే ఇరవై నిమిషాల్లో తినాలి. హడావిడిలో సగం వదిలేస్తే వేసుకున్న డోసుకి సరిపడా తిండి పడదు, మళ్లీ మొదటికే వస్తుంది.

"మిగతావాళ్లూ అడుగుతారేమో" అన్నప్పుడు వాదించకండి. డాక్టర్ నోట్ ఉన్నవాళ్లు అడిగితే ఇవ్వండి అని ఊరుకోండి.

సూదుల గురించి ఉత్తరంలో ఎందుకు రాయమన్నానో చెప్పాలి. బయటికి అనకపోయినా గది ఇచ్చేవాళ్ల మనసులో ఉండే భయం అదే. అది ఉత్త భయం కూడా కాదు. పెన్ను సూది పొడవు కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, టిష్యూ కాగితంలో చుట్టి బుట్టలో వేస్తే కనపడదు. సాయంత్రం ఆ సంచీని చేత్తో నొక్కి ముడివేసేవాళ్లకి గుచ్చుకుంటుంది. పాపం, వాళ్లు ఎవరి సూదో తెలీక నెలల తరబడి రక్తపరీక్షలు చేయించుకుంటూ తిరగాలి. మందమైన ప్లాస్టిక్ డబ్బా, మర మూత ఉన్నది, సంచిలో పెట్టుకోండి. సూదిని పెన్నుకి ఉంచి దాచుకోకండి, గాలి చేరుతుంది, మందు కారుతుంది.

జవాబు రాకపోతే వారం ఆగి అదే ఈమెయిల్ మీద ఒక లైన్ గుర్తుచేయండి, ఆ తర్వాత హెచ్ఆర్‌తో మాట్లాడండి. చట్టం మాట మొదటి ఉత్తరంలో ఎత్తకండి. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. అమెరికాలో వికలాంగుల చట్టానికి 2008లో చేసిన సవరణ, బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ఇలాంటి ఏర్పాట్లు అడిగే హక్కుని చాలావరకు ఇస్తాయి. కొన్ని దేశాల్లో డయాబెటిస్ ఆ జాబితాల్లోనే లేదు, అక్కడ కంపెనీ సొంత నియమాలే దిక్కు. మీ దగ్గర ఏది ఉందో ముందే తెలుసుకుని జేబులో పెట్టుకోండి, కాదన్నప్పుడు తీయండి.

జవాబు వచ్చేలోపు రేపటినుంచే మీరు ఒక పని చేయొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. భోజనం ఎదురుగా వచ్చాకే, సిస్టమ్‌లో బ్రేక్ పడ్డాకే వేసుకోండి. త్వరగా పనిచేసే రకం అయితే తినబోయే ముందు క్షణంలో వేసుకున్నా నడుస్తుంది, పావుగంట ముందు వేసుకున్నంత బాగా కాకపోయినా, వేసుకుని తినలేకపోవడం కంటే ఎంతో నయం. డాక్టర్‌కి ఒకసారి ఫోన్ చేసి ఈ మార్పు చెప్పండి. గ్లూకోజ్ బిళ్లలు సొరుగులో కాకుండా జేబులో పెట్టుకోండి, మీటింగ్ రూమ్‌కి సొరుగు రాదు. పక్క సీట్లో నమ్మకమున్న ఒకరికి, మీరు తడబడుతున్నట్టు కనిపిస్తే ఏం చేయాలో రెండు ముక్కల్లో చెప్పి ఉంచండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయొద్దని, అంబులెన్స్‌కి ఫోన్ చేయమని కూడా.

ఇంజెక్షన్ అయ్యాక టీమ్ లీడ్ మళ్లీ ఎదురొస్తే, "ఇన్సులిన్ వేసుకున్నానండీ, తిని వచ్చి చూస్తాను" అనండి. అని నిలబడకుండా నడుస్తూనే ఉండండి.